ఖట్టా దహీతో విరగని కఢీ

పాలు పాడైతే తెలుగులో ‘విరిగాయి’ అంటాం. మా ఇళ్లలో ‘ఫట్ గయా’ అంటారు, అంటే చినిగిపోయిందని. ఉర్దూ మీడియంలో చదివి తర్వాత తెలుగులో డిగ్రీ చేసినవాణ్ని కదా, కఢీ దేగ్చీ ముందు నిలబడినప్పుడు నాకు రెండు మాటలూ నిజమే అనిపిస్తాయి. వేడి తగిలిన పుల్ల పెరుగు ఒకవైపు పచ్చటి నీళ్లుగా, ఒకవైపు తెల్లటి రవ్వగా విడిపోతుంది.

మా ఇంట్లో ఇది రుచికి సంబంధించిన మాట మాత్రమే కాదు. అమ్మీకి ఇప్పుడు పళ్లు లేవు. మధ్యాహ్నం మెత్తటి ఖిచిడీ, దాని మీద కఢీ ఉంటేనే కడుపునిండా తింటుంది. కఢీ విరిగితే ఆ రవ్వ నోట్లో తగిలి, రెండు ముద్దలకే దస్తర్‌ఖాన్ నుంచి లేస్తుంది. నాది రాత్రి డ్యూటీ కాబట్టి మధ్యాహ్నం వంట జిమ్మేదారీ నాదే. వంట నాది, హుకుం మాత్రం అమ్మీదే.

పెరుగు ఎందుకు విరుగుతుందో ముందు చూద్దాం. పాలలోని ప్రొటీన్ పులుపు వల్ల వలలా అల్లుకుంటే పెరుగవుతుంది. ఆ వల నీటిని పట్టుకుని ఉంటుంది. వేడి చేస్తే వల బిగుసుకుని నీటిని పిండేస్తుంది. పెరుగు ఎంత పుల్లనిదైతే అంత తొందరగా ఇది జరుగుతుంది. ఎండాకాలంలో నిన్నటి దహీ ఇవాళ్టికే ఖట్టా అవుతుంది కాబట్టి చిక్కంతా అప్పుడే. దీన్ని ఆపేది బేసన్. అందులోని పిండి పదార్థం వేడికి ఉబ్బి, నీటిని చిక్కబరిచి, ప్రొటీన్ రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా మధ్యలో అడ్డం నిలుస్తుంది. అందుకే బేసన్ పొయ్యి ఎక్కకముందే పెరుగులో కలిసిపోవాలి. పెరుగు కాగాక వేస్తే ఉండలు కడుతుంది, అప్పటికే విరగడమూ మొదలైపోతుంది.

మా నలుగురికి నేను రెండు కప్పుల పుల్ల పెరుగు తీసుకుంటాను. ఫ్రిజ్‌లోదైతే ముందుగా తీసి బయట పెడతాను. మరీ పుల్లగా ఉంటే, గిన్నెలో పైకి తేలిన పులుపు నీళ్లను మెల్లగా వంచేస్తాను. పులుపులో కొంత వాటితోనే పోతుంది. ఐదు చెంచాల బేసన్‌ను (పెద్ద చెంచాతో) ముందు కొద్దిపాటి పెరుగులో వేసి ముద్దలా కలపాలి. ఉండల్లేకుండా అయ్యాక మిగతా పెరుగు, పసుపు, అల్లం వెల్లుల్లి, కారం వేసి కవ్వంతో చిలకాలి. చివర్లో నాలుగు కప్పుల చల్లటి నీళ్లు పోయాలి.

అడుగు మందంగా ఉన్న దేగ్చీలో పోసి, సన్నటి మంట మీద పెట్టాలి. ఇక్కడి నుంచి మొదటి పొంగు వచ్చేదాకా గరిటె ఆగకూడదు. “ఆంచ్ కమ్ రఖ్ బేటా, హాత్ నక్కో రోక్” అని అమ్మీ లోపలి గది నుంచే అంటుంది. తిప్పకపోతే అడుగున ఉన్నది ముందే మరిగి విరుగుతుంది, బేసన్ అడుగంటుతుంది. పది పన్నెండు నిమిషాలకు గరిటె బరువెక్కుతుంది, వెనక్కి తిప్పి చూస్తే దాని మీద నున్నటి పూత నిలుస్తుంది. బేసన్ పని మొదలుపెట్టిందనడానికి అదే నిషానీ. పొంగు వచ్చాక ఇక ఖౌఫ్ లేదు. అప్పుడు ఉప్పు వేసి, ఇరవై నిమిషాలు సన్నగా ఉడకనివ్వాలి. ఈ ఇరవై నిమిషాలు తగ్గిస్తే కఢీ విరగదు గానీ పచ్చి బేసన్ వాసన మిగిలిపోతుంది. భజియేలు వేసి దించి, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకుతో బఘార్ పెడితే కఢీ తయార్.

కఢీలో రవ్వ కనిపించగానే విరిగిందని అనుకోవద్దు. ఆ గింజను వేళ్ల మధ్య నలపండి. లోపల పసుపుపచ్చగా పొడి పిండి ఉంటే అది బేసన్ ఉండ, జల్లెడ పడితే సరిపోతుంది. తెల్లగా, కొద్దిగా రబ్బరులా సాగితే అది విరిగిన పెరుగు. వెంటనే దించి, రెండు చెంచాల బేసన్‌ను చల్లటి నీళ్లలో కలిపి పోసి, గట్టిగా చిలికి మళ్లీ సన్నటి మంట మీద పెడితే నీళ్లు విడిగా తేలకుండా ఆగుతాయి. కానీ ఆ రవ్వ పూర్తిగా పోదు.

మా పొరుగింటి పిన్నిగారు చేసే మజ్జిగ పులుసులో బేసన్ ఉండదు. నానబెట్టిన శనగపప్పు, కొంచెం బియ్యం, అల్లం, పచ్చిమిర్చి నూరి మజ్జిగలో కలుపుతారు. పని చేసేది అక్కడా ఆ పిండే. తమిళుల మోర్ కుళంబులో కొబ్బరి కూడా నూరి వేస్తారు, అంచున నురుగు కట్టగానే దించేస్తారు. దాన్ని మన కఢీలా మరిగించకూడదు.

ఒక్క ఎహ్‌తియాత్. పులుపు వేరు, చెడిపోవడం వేరు. పెరుగు మీద గులాబీ రంగు మరకలో, బూజో కనిపించినా, చేదు వాసన వచ్చినా పారబోయండి. వట్టి పులుపే అయితే నిశ్చింతగా కఢీకి వాడండి. సాయంత్రానికి అది గట్టిపడుతుంది. అరకప్పు వేడినీళ్లు పోసి సన్నగా కాచండి, బేసన్ పట్టుకుని ఉంటుంది కాబట్టి మళ్లీ విరగదు.