తండ్రి లేని తొలి పితృదినోత్సవం: ఐదు వాక్యాల తిలోదకం

మృతుల విషయంలో మన సంప్రదాయం తిథిని పాటిస్తుంది. లోకవ్యవహారం తేదీని పాటిస్తుంది. తిథి చంద్రగతిని అనుసరించి నిశ్శబ్దంగా వస్తుంది. దానిని ఎరిగినవారు గృహస్థులు, పురోహితులు మాత్రమే. జూన్ మాసపు మూడవ ఆదివారం అలా రాదు. వారం ముందునుండే చేతిలోని దూరవాణి తెరపై ప్రకటనలై, ఛాయాచిత్రాలై, శుభాకాంక్షలై వచ్చి నిలుస్తుంది. తండ్రి గతించిన తొలి సంవత్సరంలో ఆ ఆదివారం కుమారుని ముందుంచే ప్రశ్న చిన్నదే: చిత్రం క్రింద ఏమి వ్రాయాలి? ఆ చిన్న ప్రశ్నలోనే పితృఋణ విచారం సమస్తం ఇమిడి ఉన్నది.

నాచారం పారిశ్రామికవాడకు సమీపంలోని ఒక వీధిలో అటువంటి కుమారుడు ఒకడున్నాడు. అతని తండ్రి ముప్పది సంవత్సరాలకు పైగా అక్కడి ఒక చిన్న కర్మాగారంలో లేత్ మిషన్‌పై టర్నర్‌గా పనిచేశాడు. మార్గశిరంలో దేహం చాలించాడు. పన్నెండవ నాడు సపిండీకరణం ముగిసింది. నెలనెలా ఆ తిథినాడు మాసికం జరుగుతున్నది. జ్యేష్ఠం నడుస్తుండగా పితృదినోత్సవం వచ్చింది. బంధువుల వాట్సాప్ సమూహంలో ఒక్కొక్కరే తమ తండ్రుల చిత్రాలు పెట్టసాగారు. శనివారం రాత్రి అతడు కూడా ఒక చిత్రం ఎన్నుకున్నాడు. అందులో తండ్రి కుర్చీలో కూర్చుండి, మనుమరాలి పెన్సిల్‌ను వెర్నియర్ కాలిపర్‌తో కొలుస్తున్నాడు.

ఆ కొలత ఆ ఇంట ప్రతి ఆదివారం జరిగే ఒక వ్రతం వంటిది. మనుమరాలు వారంలో ఎంత వ్రాసిందో పెన్సిల్ అరుగుదలే చెబుతుందని వృద్ధుని సిద్ధాంతం. నూటయాభై మిల్లీమీటర్ల వెర్నియర్‌లో కొత్త పెన్సిల్ పట్టదు. కొంత అరిగిన తరువాతనే దానికి కొలతార్హత సిద్ధిస్తుంది. అందువలన కొత్త పెన్సిల్ అందగానే ఆ బాలిక దానిని త్వరత్వరగా అరగదీసి తాత వద్దకు పరుగెత్తేది. కుమారునికి మాత్రం ఇది చాదస్తంగా తోచేది. “ఇంట్లో కూడా కొలతలేనా నాన్నా” అని అనేకసార్లు విసుక్కున్నాడు. తండ్రి బదులు చెప్పేవాడు కాదు. అంకె మాత్రం చెప్పేవాడు.

మొదట అతడు ఇలా వ్రాశాడు: “స్వర్గంలో ఉన్న నా హీరోకు పితృదినోత్సవ శుభాకాంక్షలు. మీరు లేని లోటు పూడ్చలేనిది.” చదువుకొని చూడగా అందులో అసత్యం లేదు, కాని తండ్రి కూడా లేడు. ఆ రెండు వాక్యాలను ఏ ఇంటి చిత్రం క్రింద ఉంచినా సరిపోతాయి. పైగా ఆ వృద్ధుని జీవితకాలంలో ఎవ్వరూ హీరో అని పిలువలేదు. పిలిచి ఉంటే కళ్ళజోడు సవరించుకొని, ఎవరినని వెనుదిరిగి చూసేవాడు. శుభాకాంక్ష అనేది రాబోయే కాలాన్ని ఉద్దేశించి పలికే మాట. దానిని గతించినవానికి పంపితే అది చేరవలసిన చోటు తెలియక మధ్యలో నిలిచిపోతుంది.

రెండవసారి అతడు సత్యమే వ్రాయ నిశ్చయించాడు. ఆసుపత్రిలోని చివరి పదునొకండు దినాలు, శ్వాసయంత్రపు ధ్వని, తాను బయటకు వెళ్ళిన అరగంటలోనే ప్రాణం పోవడం, అన్నీ వ్రాశాడు. పంపే ముందు ఉప్పల్‌లో ఉన్న చెల్లెలికి చూపాడు. ఆమె వెంటనే ఫోన్ చేసింది.

“అన్నా, ఇందుల ఒక్క మాట కూడ అబద్ధం లేదు. కాని పొద్దుగాల లేచి అమ్మ చదువుతది. ఇది నాకు చెప్పు, ఎంతసేపన్న వింట. అందరి ముందట పెట్టకు.”

ఆమె చెప్పినదాంట్లో సూక్ష్మమైన వివేకం ఉన్నది. సత్యాన్ని పలకడం ఒకటి, దాని భారాన్ని ఎవరి భుజంపై ఉంచుతున్నామో ఎరుగడం మరొకటి. సమూహంలోని వారు ఉపాహారం తింటూ ఆ వాక్యాలు చదువుతారు. ఏమనాలో తోచక “ఓం శాంతి” అని రెండు పదాలు ఉంచి ముందుకు సాగుతారు. వ్రాసినవాని వేదన తగ్గదు, చదివినవారు తండ్రిని ఎరుగరు. మరణవర్ణనలో మరణమే కనబడింది. డెబ్బదేండ్ల జీవితం దాని వెనుక దాగిపోయింది.

తల్లికి మరొక సందేహం కలిగింది. “ఏటి సూతకం ఉన్న ఇంట్ల పండుగేంది బిడ్డా?” అని అడిగింది. ఆ ప్రశ్న సమంజసమే. తొలి ఏడు ఇంట పండుగలు చేయరాదన్న నియమాన్ని ఆమె ఉగాదినాడు కూడా పాటించింది. అయితే ఈ దినపు పుట్టుకను పరిశీలిస్తే ఆమె సందేహానికి సమాధానం లభిస్తుంది. దీనికి సోదరి వంటి మాతృదినోత్సవం వేడుకగా పుట్టలేదు, వియోగంలో పుట్టింది. అమెరికాలో ఆనా జార్విస్ తల్లి 1905 మే నెలలో మరణించింది. 1908 మే 10న, తల్లికి సంబంధించిన గ్రాఫ్టన్ పట్టణపు ప్రార్థనామందిరంలో స్మరణసభ జరిపించి, ఆమె తల్లికి ఇష్టమైన తెల్లని కార్నేషన్ పూలను ఐదువందలు పంపింది. ఆ దినం పేరు ఆంగ్లంలో ఏకవచనంలోనే ఉండాలని ఆమె పట్టుబట్టింది. అది లోకంలోని తల్లులందరి దినం కాదు, ఎవరి తల్లి దినం వారిది. అచ్చువేసిన శుభాకాంక్షల పత్రాలను ఆమె జీవితాంతం నిరసించింది. పితృదినోత్సవాన్ని 1910లో స్పోకేన్ నగరంలో ప్రారంభించిన సొనోరా స్మార్ట్ డాడ్‌కు తండ్రి అప్పటికి జీవించియే ఉన్నాడు. అయినా అక్కడ తండ్రి ఉన్నవారు ఎర్రని గులాబీని, లేనివారు తెల్లని గులాబీని ధరించే ఆచారం ఏర్పడింది. కాబట్టి తండ్రి లేనివానికి ఈ దినంలో తొలినుండే స్థానమున్నది. పండుగ చేయవద్దన్న తల్లి మాటకు భంగం లేకుండా స్మరణ చేయవచ్చును.

స్మరణ ఎలా చేయాలో మాత్రం అతనికి గత మాసికంనాడే తెలిసి ఉన్నది, తెలిసిందని తెలియలేదు. తర్పణవేళ పురోహితుడు పలికించిన మాటలలో విశేషణమే లేదు. ముందు గోత్రం, తరువాత నామం, తరువాత వసురూపం. తండ్రి వసురూపుడు, తాత రుద్రరూపుడు, ముత్తాత ఆదిత్యరూపుడు. బొటనవ్రేలికి చూపుడువ్రేలికి మధ్యగా నువ్వులు కలిసిన నీరు మూడుమారులు విడువడం, అంతే. గొప్పవాడనిగాని, త్యాగమూర్తియనిగాని అక్కడ ఎవరూ అనరు. ఎవరికి ఇస్తున్నామో తప్పు లేకుండా చెప్పడం, ఇవ్వగలిగిన స్వల్పద్రవ్యం ఇవ్వడం, చేయి ఖాళీ చేయడం. ఆ మంత్రక్రమమే ఒక చక్కని రచనాక్రమమని ఆ రాత్రి అతనికి స్ఫురించింది.

మూడవ ప్రయత్నంలో అతడు మొదట మరణాన్ని తెలిపే పదం కోసం వెదికాడు. పరమపదించారు అంటే వైష్ణవ పరిభాష, శివైక్యం చెందారు అంటే శైవ పరిభాష. దివంగతులయ్యారు అంటే పత్రికాభాష. చివరకు అవేవీ అక్కరలేదని గ్రహించాడు. తెలుగు క్రియలోనే ఆ వార్త ఉన్నది. “కొలుస్తారు” అన్న మాట “కొలిచేవారు”గా మారినంతనే, మనిషి ఉండెనని, ఆ పని నిత్యం జరిగెనని, ఇక జరగదని మూడూ ఒకేసారి వినబడతాయి. దానిపై మరొక దుఃఖవాచకం మోపితే క్రియ క్రుంగిపోతుంది.

తరువాత పశ్చాత్తాపం. దానిని దాచితే వాక్యం అబద్ధమవుతుంది, విస్తరిస్తే తండ్రి చిత్రం కుమారుని చిత్రమవుతుంది. అందుచేత ఒక్క క్రియకు మాత్రమే దానికి చోటిచ్చాడు. ఆదివారం ఉదయం, తల్లికి ముందు చదివి వినిపించి, సమూహంలో ఉంచిన మాటలు ఇవి:

“నాన్న లేకుండా వచ్చిన మొదటి ఫాదర్స్ డే. పాప పెన్సిల్ ఎంత అరిగిందో వారం వారం వెర్నియర్‌తో కొలిచేవారు, నేను విసుక్కునేవాణ్ణి. చివరి కొలత 112 మిల్లీమీటర్లు. నిన్న పాప తానే కొలిస్తే అదే 112, వాడకుండా దాచుకుందట. రాసుకో బిడ్డా, తాతకు అరిగిన పెన్సిలే ఇష్టం అన్నాను.”

తల్లి విని ముందు నవ్వింది. తరువాత కొంగుతో కళ్ళు అద్దుకున్నది. “పెన్సిల్ ముచ్చట మంచిగున్నది, పెట్టు” అన్నది. ఆ క్రమమే ఆ రచనకు పరీక్ష. కన్నీరు ముందు వచ్చి నవ్వు రాకుంటే భారం ఎక్కువైనట్లు. నవ్వు వచ్చి కన్నీరు రాకుంటే ఏదో దాచినట్లు.

ఆ రోజు వచ్చిన ప్రత్యుత్తరాలలో “ఓం శాంతి” రెండే. మిగిలినవారు తమ జ్ఞాపకాలు పంపారు. తండ్రితో పనిచేసిన ఒక వృద్ధుడు, తన టిఫిన్ డబ్బా మూత వదులైతే అతడు కొలిచి, మధ్యాహ్న విరామంలో కొత్త రింగు తీసి ఇచ్చాడని వ్రాశాడు. కుమారునికి ఆ సంగతి అంతవరకు తెలియదు. ఒక ప్రత్యేక విషయం చెప్పినవానికి లోకం మరొక ప్రత్యేక విషయం తిరిగి ఇస్తుంది. సామాన్య వాక్యానికి సామాన్య వాక్యమే ప్రతిఫలం.

ఈ మార్గం అందరికీ ఒకేలా సాగదు. వియోగం కొన్ని వారాలదే అయితే ఒక చిత్రం, ఒక పేరు చాలును, మౌనమూ చాలును. తండ్రి కఠినుడై, సంబంధం చేదుగా ముగిసినవారు లేని ప్రేమను కల్పించి వ్రాయనక్కరలేదు. అక్కడ కూడా తర్పణనియమమే దారి చూపుతుంది: విశేషణం లేకుండా, ఆయన చేసిన ఒక్క పని, జరిగినది జరిగినట్లు. గోత్రనామాలు పలకడానికి ప్రశంస అవసరం లేదు.

సోమవారం ఉదయం బడికి వెళ్ళే వేళ ఆ బాలిక పెన్సిల్‌ను పెట్టెలోనుండి తీసి, మొన చెక్కి, సంచిలో వేసుకున్నది. వెర్నియర్ నాయనమ్మ గదిలో, తాత కళ్ళజోడు ప్రక్కనే ఉన్నది. వచ్చే ఆదివారం ఎవరు కొలవాలన్నది వారింకా నిర్ణయించుకోలేదు.