ఆధునికత, మతక్షయం: ఒక వ్యాప్తి పరీక్ష

పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందన్న వ్యాప్తి నిర్దుష్టం. దానిని తిరగవేసి, నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందంటే తర్కశాస్త్రం అంగీకరించదు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉంది, పొగ లేదు. ఇది వ్యభిచారం. పొగ పుట్టాలంటే నిప్పుకు తడికట్టె తోడు కావాలి. ఆ తడికట్టె సంయోగాన్నే నైయాయికులు ఉపాధి అన్నారు. ఇరవయ్యవ శతాబ్దపు సమాజశాస్త్రంలో చిరకాలం ప్రతిష్ఠితమైయున్న లౌకికీకరణ సిద్ధాంతాన్ని పరీక్షించడానికి ఈ పాత ఉదాహరణమే చాలు.

ఆ సిద్ధాంతం ప్రతిపాదించిన వ్యాప్తి ఇది: ఎక్కడ ఆధునికత ఉంటుందో అక్కడ మతక్షయం ఉంటుంది. యంత్రపరిశ్రమ, నగరజీవనం, సార్వత్రిక విద్య పెరిగినకొద్దీ దైవచింతన దానంతటదే సన్నగిల్లుతుందని దాని తాత్పర్యం. వియన్నాలో జన్మించి అమెరికాలో స్థిరపడిన సమాజశాస్త్రవేత్త పీటర్ బర్జర్ ఈ వాదానికి ప్రముఖ ప్రవక్త. ఇరవైయొకటవ శతాబ్దం నాటికి విశ్వాసులు చిన్నచిన్న బృందాలుగా మాత్రమే మిగులుతారని 1968లో ఆయన ఊహించాడు. అదే బర్జర్ 1999లో తాను సంపాదకత్వం వహించిన గ్రంథంలో, లోకం మునుపటిలాగే తీవ్రమైన మతనిష్ఠతో ఉన్నదని, పూర్వసిద్ధాంతం పొరపాటని బాహాటంగా ఒప్పుకున్నాడు. స్వపక్షాన్ని ప్రమాణం ముందు విడిచిపెట్టడం వాదకథకు శోభ.

వ్యభిచారానికి రష్యా విస్పష్టమైన ఉదాహరణం. మాస్కోలోని క్రీస్తు రక్షకుని మహాలయాన్ని 1931లో సోవియట్ ప్రభుత్వం కూల్చివేసింది. అక్కడ నిర్మించదలచిన సోవియట్ల సౌధం పూర్తికాలేదు. చివరకు ఆ స్థలంలో బహిరంగ ఈతకొలను వెలిసింది. సోవియట్ రాజ్యం అంతరించిన తరువాత అదే స్థలంలో ఆలయాన్ని పునర్నిర్మించి 2000లో ప్రతిష్ఠించారు. అంతర్జాతీయ సర్వేల ప్రకారం తాము ఆర్థడాక్స్ క్రైస్తవులమని చెప్పుకున్న రష్యన్లు 1991లో 31 శాతం, 2008లో 72 శాతం. ఈ పదిహేడేళ్లలో కర్మాగారాలు, నగరాలు, విశ్వవిద్యాలయాలు ఎక్కడికీ పోలేదు. ఆధునికత ఉండగానే మతం తిరిగి వచ్చింది. తొలగినది రాజ్యనిర్బంధం మాత్రమే. అంటే అంతకుముందు కనిపించిన క్షయానికి ఆధునికత ఒక్కటే కారణం కాదు. నిర్బంధం అక్కడ తడికట్టె.

ఇక్కడితో ఆగి విజయఘోషం చేయడం సులభం. కాని అవే సర్వేలు మరొక సంఖ్యను కూడా చూపుతున్నాయి. నెలకొకసారైనా ఆరాధనకు వెళ్లేవారు అదే కాలంలో సుమారు 2 శాతం నుంచి 7 శాతానికి మాత్రమే పెరిగారు. నామం పెరిగినంతగా అనుష్ఠానం పెరగలేదు. తాను విశ్వాసినని చెప్పుకున్నవారిలో పదింట తొమ్మిదిమంది నెలకొక్కసారైనా ఆలయద్వారం దాటడం లేదు.

అంతేకాదు, నిర్బంధం తొలగితే చాలు మతం పునరుజ్జీవిస్తుందన్న కొత్త వ్యాప్తికీ వ్యభిచారం ఉంది. తూర్పు జర్మనీలోను, చెక్ దేశంలోను కమ్యూనిస్టు పాలన ముగిసింది. అయినా అక్కడ అధికసంఖ్యాకులు ఏ మతానికీ చెందనివారుగానే ఉండిపోయారు. చెక్ దేశపు చరిత్ర దీనికి కొంత సమాధానమిస్తుంది. 1620లో ప్రాగ్ సమీపాన జరిగిన శ్వేతగిరి యుద్ధంలో ఓడిన తరువాత ఆ ప్రజలమీద హాబ్స్‌బర్గ్ ప్రభువులు కాథలిక్ మతాన్ని బలవంతంగా రుద్దారు. తరువాతి జాతీయవాదుల దృష్టిలో చర్చి పరపాలనకు చిహ్నమైంది. రష్యాలో స్థితి దీనికి విపరీతం. అక్కడ చర్చి, జాతి శతాబ్దాలుగా ఒకే పేరుతో జీవించాయి. కనుక రష్యాలో తిరిగి వచ్చినదానిలో ఎంత దైవభక్తి, ఎంత జాత్యభిమానం అనే ప్రశ్న తప్పదు.

ఈ విచారణవల్ల రెండు నిర్ణయాలు సిద్ధిస్తాయి. ఆధునికత మతాన్ని అనివార్యంగా హరిస్తుందన్న వ్యాప్తి సోపాధికం; అది సార్వత్రిక నియమంగా నిలవదు. అయితే ఆ వ్యాప్తి ఓడినంతమాత్రాన ధర్మం గెలిచినట్లు కాదు. జనగణనలో చెప్పిన పేరు, ఉత్సవంలో చేరిన సమూహం, నిత్యజీవనంలోని ఆచరణ మూడూ వేర్వేరు విషయాలు. వాటిని వేర్వేరుగానే కొలవాలి. కార్తికమాసపు శివాలయంలో బారులు తీరిన భక్తులను చూసి పొంగిపోయే తెలుగువారికి కూడా ఈ వివేకం అవసరం. ఆ దీపాలు వెలిగించినవారిలో మాఘమాసపు సామాన్యదినాన, ఎవరూ చూడనివేళ, సంధ్యకు కూర్చునేవారెందరు? పునరుజ్జీవనానికి సాక్ష్యం అక్కడ దొరకాలి.