గొంతుపై రెండు వేళ్ళు

కోనసీమలో మా మదర్సాకు వచ్చే పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడుతారు. ఖాయిదా చేతపట్టిన కొద్ది రోజులకే వారికి ఒక అక్షరం అడ్డుపడుతుంది. అది ‘రా’ పైన చుక్క పెట్టి రాసే ‘జా’. తెలుగు లిపిలో దానికి వేరే అక్షరం లేదు గనుక ‘జ’ అనే రాస్తున్నాము, పిల్లలు ‘జ’ అనే పలుకుతున్నారు. కాని అరబీలో ‘జీమ్’ వేరు, ‘జా’ వేరు. ‘జీమ్’తో ‘జాల’ అంటే సంచరించాడు. ‘జా’తో అదే మాట పలికితే తొలగిపోయాడు అని అర్థం.

కొన్నేళ్ళ క్రితం రాజోలు వైపు నుండి తొమ్మిదేళ్ళ అబ్బాయి ఒకడు వచ్చేవాడు. తండ్రి కొబ్బరికాయల ఒలుపు పని చేసేవాడు. ఆ అబ్బాయి ‘జా’ను ‘జ’ అనేవాడు. “నాలుకను పైకి అంటించకు, గాలిని ఆపకు” అని మేము చెప్పాము. అంటించడం మానగానే అది ‘స’ అయింది. జిల్జాల్ సూరా వచ్చేసరికి ‘సిల్సాల్’ అని చదివాడు. తోటి పిల్లలు నవ్వారు. మేము గద్దించాము. నెల రోజులు అదే మాట అనిపించాము. చివరికి అతని గొంతు మాకు వినిపించడమే మానివేసింది. ఒకనాడు వాళ్ళ అమ్మ వచ్చి, “హజ్రత్ గారూ, వీడు రేపటి నుంచి రానంటున్నాడు” అన్నది.

ఆ రాత్రి మేము మా పాఠాన్నే తిరిగి చూసుకున్నాము. ‘సీన్’కు, ‘జా’కు మఖ్రజ్ ఒక్కటే. నాలుక కొన నిలిచే చోటు రెండింటికీ మారదు. అటువంటప్పుడు “నాలుక సరిచేసుకో” అని ఎన్నిసార్లు చెప్పినా ఆ బాలుడు ఏమి సరిచేసుకోగలడు? తేడా నోటిలో లేదు, గొంతులో ఉన్నది. గొంతులోని స్వరతంత్రులు దగ్గరకు వచ్చి కంపిస్తే ‘జా’. అవి విడిగా ఉండి గాలి ఊరకే సాగిపోతే ‘సీన్’.

మరునాడు అబ్బాయిని ప్రక్కన కూర్చోబెట్టుకున్నాము. గుటక వేస్తే గొంతులో పైకి లేచే చోట అతని రెండు వేళ్ళను అతనినే మెల్లగా ఆనించమన్నాము. “ఆ” అనమన్నాము.

“ఏమైనా తెలుస్తున్నదా బాబూ?”

“లేదు హజ్రత్.”

మేము నిర్ఘాంతపోయాము. ‘ఆ’ అన్నప్పుడు ఎవరి గొంతైనా అదరవలసిందే. అతడు భయంతో గుసగుసగా పలుకుతున్నాడు. గుసగుసలో స్వరతంత్రులు కంపించవు. కంపించనిదే ‘జా’ పుట్టదు. అంటే అతని ‘సిల్సాల్’లో మా గద్దింపు పాలు కూడా ఉన్నది.

“పెరటిలో అమ్మను పిలిచినట్లు అను” అన్నాము. అన్నాడు. వేళ్ళు అదిరాయి. అతని ముఖం మారింది. తరువాత పెదవులు మూసి ‘మ్మ్మ్’ అనిపించాము. తుమ్మెద రొదవలె అదురు తెలిసింది. అచ్చు కలపకుండా ‘స్స్స్’ అని సాగదీయించాము. వేళ్ళ క్రింద నిశ్శబ్దం. ఇక ‘స్స్స్’ అంటూ, నాలుక కదపక, శ్వాస ఆపక, మధ్యలో ఆ తుమ్మెద రొదను గొంతులో కలపమన్నాము. రెండుసార్లు తప్పాడు. మూడవసారి ‘జా’ పలికింది. దానికి ‘ఆ’ చేర్చి, పిమ్మట మాటలోకి తెచ్చాము.

ఇంట్లో ఈ పాఠం చెప్పదలచిన తల్లిదండ్రులు ఒక జాగ్రత్త పాటించాలి. ‘స’ అని అచ్చుతో పలికిస్తే ఆ అచ్చుకే గొంతు అదిరి బిడ్డ తికమకపడతాడు. అందుకే హల్లును మాత్రమే సాగదీయించాలి. ‘ఖా’, ‘గైన్’ల జంటకూ ఇదే పద్ధతి: ‘ఖా’కు గొంతు అదరదు, ‘గైన్’కు అదురుతుంది. ‘ఖాబ’ అంటే విఫలుడయ్యాడు, ‘గాబ’ అంటే కనుమరుగయ్యాడు.

దీనికి హద్దులూ ఉన్నవి. ‘జీమ్’కు, ‘జా’కు రెండింటికీ గొంతు అదురుతుంది, అక్కడ వేళ్ళు తీర్పు చెప్పలేవు. సాగదీయడానికి లొంగేది ‘జా’, లొంగనిది ‘జీమ్’ అని గుర్తించాలి. అట్లే తజ్వీద్‌లో చెప్పే హమ్స్, జహ్ర్ గుణాలను ఈ అదురుతో పూర్తిగా ఒక్కటి చేయరాదు. ‘ఖాఫ్’, ‘తో’ అక్షరాలు జహ్ర్‌లో లెక్కకు వచ్చినా, నేటి ఖారీల పలుకుబడిలో వాటికి గొంతు అదరదు.

ఆ అబ్బాయి మదర్సా మానలేదు. మేము మాత్రం అప్పటినుండి ఏ బిడ్డ తప్పు పలికినా ముందుగా ‘ఆ’ అనిపిస్తున్నాము. వేళ్ళ క్రింద అదురు లేకపోతే, దిద్దుకోవలసినది మొదట మా కంఠస్వరమే.