అమ్ముతున్నామని ముందే చెప్పాలి కదరా!

మా మావయ్యకి తుని దగ్గర మామిడి తోట ఉంది. కాయ మార్కెట్‌కి తోలితే వ్యాపారి చెప్పిందే రేటు. అందుకే కిందటేడు హైదరాబాద్, వైజాగ్‌లకి పెట్టెలు నేరుగా పంపుదామనుకున్నాం. దానికో వెబ్ పేజీ నేనే చేశాను. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని, అదెంత పని అనుకున్నా.

పైన పెద్ద తోట ఫొటో. కింద తాతయ్య మొక్కలు నాటిన కథ, బంగినపల్లికీ సువర్ణరేఖకీ తేడాలు, కార్బైడ్ లేకుండా గడ్డిలో మాగబెట్టే పద్ధతి. అన్నీ అయ్యాక ఆర్డర్ బటన్. లాప్‌టాప్‌లో ముచ్చటగా ఉంది. వారమైనా వచ్చినవి నాలుగే ఆర్డర్లు, అవీ చుట్టాలవే. చెట్టు మీద కాయ మన కోసం ఆగదు.

మావయ్య చేతికి ఫోనిచ్చి, "ఒక పెట్టె ఆర్డర్ పెట్టు మావయ్యా" అన్నాను. బొటనవేలితో పైకి జరుపుతూనే ఉన్నాడు. ఐదు తెరలు దాటాక, "ఏరా, అమ్ముతున్నామని ఎక్కడా చెప్పలేదేంట్రా?" అన్నాడు.

ఆ రాత్రే మార్చాను. ఫొటో ఎత్తు సగానికి తగ్గించి, మొదటి తెరలో ఒకే మాట పెట్టాను: "గడ్డిలో మాగిన తుని బంగినపల్లి, తోట నుంచి మీ ఇంటికి." దాని కిందే వాట్సాప్ బటన్. మొదట బద్ధకించి సీఎస్ఎస్‌లో `order: -1` రాశాను. కంటికి బటన్ పైకొచ్చింది గానీ, చూపులేనివాళ్లకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాధారణంగా హెచ్‌టీఎంఎల్ వరుసనే చదువుతుంది. వాళ్లకి ఇంకా తాతయ్య కథే ముందు. అందుకని ఆ భాగాన్ని హెచ్‌టీఎంఎల్‌లోనే పైకి తెచ్చాను.

మర్నాటి నుంచి మెసేజ్‌లు బాగానే వచ్చాయి. మావయ్య సంబరపడ్డాడు. కానీ చాలామంది అడిగింది రెండే: "పెట్టె ఎంత? మా ఊరికి పంపుతారా?" జవాబు చెప్పాక సగం మంది మళ్లీ మాట్లాడలేదు. మెసేజ్‌లు పెరిగాయి, అమ్మకం కాదు. అప్పుడు అర్థమైంది, వివరాలన్నీ కిందకి తోసేయకూడదని. ఏది తెలియకపోతే మనిషి నొక్కాలో వద్దో తేల్చుకోలేడో, అది బటన్‌కి పైనే ఉండాలి. పెట్టె బరువు, ధర, పంపే ఊళ్లు ఒక్క వరుసలో అక్కడే రాశాను. ఆ ప్రశ్నలు తగ్గిపోయాయి.

తాతయ్య కథ తీసెయ్యలేదు. దాని కింద ఇంకో బటన్ పెట్టి, రెండింటికీ వేర్వేరు మెసేజ్ ముందే రాసి ఉంచాను:

```
https://wa.me/<నంబర్>?text=ఒక%20పెట్టె%20కావాలి
https://wa.me/<నంబర్>?text=తోట%20గురించి%20చదివాను
```

వచ్చిన మెసేజ్ చూస్తే ఏ బటన్ నొక్కారో తెలిసిపోతుంది. ఎక్కువమంది పై బటన్ నుంచే వచ్చారు. కింది దాన్నుంచి వచ్చినవాళ్లు తక్కువే, వాళ్లంతా మాకు ముక్కూమొహం తెలియనివాళ్లు. ముందే డబ్బు పంపాలంటే వాళ్లకి ఆ కథ కావాలి మరి.


సీజన్ చివర్లో మావయ్య పేజీ మళ్లీ తెరిచాడు. ఈసారి వేలు జరపకుండానే, "ఇప్పుడు అమ్ముతున్నట్టుందిరా" అన్నాడు.