మా రెండు గదుల ఇంటికి పేరు దొరకడానికి నెల పట్టింది

అరకు దగ్గర మా అత్త వాళ్ల పెంకుటింట్లో రెండు గదులు బాగుచేసి, వచ్చేవాళ్లకి అద్దెకిద్దామని మేం నలుగురం అనుకున్నాం. గదులకంటే పేరే ఎక్కువ సతాయించింది. మనలో ఇంకొందరు ఇదే పనిలో ఉన్నారని తెలిసి రాస్తున్నాం.

మొదట 'హరిత వనం' అనుకున్నాం. బోర్డు రాసే అన్న దగ్గరికి వెళ్తే, "టూరిజం వాళ్లదా?" అన్నాడు. నిజమే, మన రాష్ట్రంలో టూరిజం సంస్థ హోటళ్లకి హరిత అనే పేరుంది, అరకులోనే ఉంది. వెనక 'వనం' తగిలించినా జనం చెవిలో పడేది ముందుమాటే. ట్రేడ్‌మార్క్ గొడవల్లో చూసేదీ అదే: రెండు పేర్లు పక్కపక్కన పెట్టి అక్షరాలు లెక్కపెట్టరు, సగం గుర్తున్న మామూలు మనిషి పొరబడతాడా లేదా అని చూస్తారు. 'అరకు స్టే' కూడా వద్దనుకున్నాం. ఊరి పేరు, చేసే పని పేరు కలిపితే అది మనదొక్కరిదే అని చెప్పుకోవడం కష్టం.

అమ్మవారి పేరు పెడదామంటే పెద్దలు ఒప్పుకోలేదు. "తాగొచ్చి పడుకునే చోటుకి ఆ పేరేంట్రా?" అన్నారు. దానికి మా దగ్గర జవాబు లేదు.

తర్వాత వలిసె పూలు గుర్తొచ్చాయి. 'వలిసెల ఇల్లు'. మాకు భలే నచ్చింది. ఫోన్లో పదిమందికి ఒక్కసారే చెప్పి, విన్నది రాసి పంపమన్నాం. నలుగురు 'వలసల ఇల్లు' అని రాశారు. పనులకోసం ఊళ్లు వదిలిపోయే మనవాళ్లని తలుచుకుంటే ఆ మాట గోడ మీద చూడబుద్ధి కాలేదు. ఇంగ్లీషులో Valise అని రాస్తే పెట్టె అని అర్థమట, అదొకటి!

చివరికి అత్తే దారి చూపింది. ఆవిడ విస్తర్లు కుట్టుకుంటూ కూర్చుంది, మేం ఆ ఆకుల మధ్యే కూర్చుని పేరు వెతుకుతున్నాం. 'అడ్డాకు ఇల్లు'. అన్నం పెట్టేదీ అడ్డాకులోనే కాబట్టి పేరు అబద్ధం కాదు. ఒక్కటే చిక్కు, Adda అని విడగొట్టి రాస్తే హైదరాబాద్ వాళ్లు కాఫీ అడ్డా అనుకుంటారు. అందుకే Addaku అని కలిపే రాయించాం.

ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్లో పబ్లిక్ సెర్చ్ ఉచితం. బస, భోజనం క్లాస్ 43 కిందికొస్తాయి. Wordmark తో ఒకసారి, పలుకు కలిసేవి చూపించే Phonetic తో ఇంకోసారి వెతకండి. Adaku, Addaaku లాంటి స్పెల్లింగులూ వేసి చూశాం. అక్కడ లేకపోతే అయిపోయినట్టు కాదు. రిజిస్టర్ చేయకుండా ఏళ్లుగా వాడుతున్నవాళ్లకీ హక్కుంటుంది కాబట్టి మ్యాపుల్లో, బుకింగ్ సైట్లలో కూడా చూడాలి. మాకు ఢీకొట్టేది ఏదీ కనిపించలేదు.

ఆన్‌లైన్ దరఖాస్తుకి వ్యక్తులకి ఒక క్లాసుకి 4,500 రూపాయలు. మా దగ్గర ఇంకా అంత పోగవలేదు. ఈలోగా పాడేరు, చింతపల్లి వైపు ఎక్కడైనా ఈ పేరుతో బోర్డు కనిపిస్తే ఒక ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, పెయింట్ ఆరకముందే మార్చుకుంటాం.