కోచ్ సార్‌కి మేము రాసిన లెటర్

హాస్టల్‌లో మా రూమ్‌లో నలుగురం. అందరం ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్లమే, అందరం రన్నింగ్ చేస్తాం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. కిందటి నెల మాలో ఒకరికి కాలు నొప్పి ముదిరింది. గ్రౌండ్‌లో సార్ ముందు నిలబడి చెప్పాలంటే నోరు రాలేదు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది. అందుకే నలుగురం కూర్చుని రాసాం. ఆమె ఒప్పుకుంది కాబట్టి పేరు తీసేసి ఇక్కడ పెడుతున్నాం.

గౌరవనీయులైన కోచ్ సార్‌కి నమస్కారాలు.

సార్, "రెండు రౌండ్లు వేస్తే నొప్పి అదే పోతుంది" అని మొన్న మీరన్నారు. మొదట్లో నిజంగానే అలా పోయేది. అప్పుడు నొప్పి కాలి లోపలి వైపు జానెడు మేర ఉండేది, ఒళ్లు వేడెక్కాక తగ్గేది. ఇప్పుడది వేరు. మోకాలికీ చీలమండకీ మధ్య, ఎముక లోపలి అంచు మీద, ఒక్క వేలు పట్టే చోట మాత్రమే ఉంది. అక్కడ నొక్కితే ఉలిక్కిపడుతోంది. పరిగెత్తే కొద్దీ పెరుగుతోంది, రాత్రి పడుకున్నా సలుపుతోంది. ఒంటికాలి మీద గెంతమంటే ఎడమ కాలితో పదిసార్లు గెంతింది, కుడి కాలితో ఒక్కసారికే కూలబడింది. (ఆ గెంతించే పని మళ్లీ చేయొద్దని డాక్టర్ గారు మమ్మల్ని తిట్టారు.)

ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. మేము సంతోషపడబోయాం. కానీ ఇలాంటి సన్న పగులు మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేకి దొరకకపోవడం మామూలేనట. దీన్ని స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. ఖాయంగా తేలాలంటే ఎంఆర్ఐ తీయాలి, అప్పటిదాకా పగులు ఉందనే అనుకుని పరుగు ఆపమన్నారు. సికిల్ సెల్ టెస్ట్ చేయించారా అని కూడా అడిగారు. మన ఏజెన్సీ పిల్లలకి ఎముక నొప్పి వస్తే అదీ చూడాలట. ఆమె కార్డు చూపించాం, లేదని ఉంది.

ఎముక రోజూ కొంచెం దెబ్బతిని మళ్లీ కట్టుకుంటుందని చెప్పారు. కట్టుకునే టైం ఇవ్వకుండా దెబ్బ మీద దెబ్బ పడితే గీత పడుతుంది. మా నోట్‌బుక్ తిరగేసి చూశాం సార్. వారానికి 24 కిలోమీటర్లు ఉన్నది, సెలెక్షన్ తేదీ వచ్చాక మూడు వారాల్లో 46 అయింది. గ్రౌండ్‌లో నీళ్లు నిలిచాయని అదంతా సిమెంట్ రోడ్డు మీదే పరిగెత్తాం. బూట్లు సీనియర్ అక్క వాడి ఇచ్చినవి. మీ తప్పని అనడం లేదు, నొప్పి దాచింది మేమే.

ఇక నోటితో చెప్పలేని మాట. ఆమెకి నాలుగు నెలలుగా నెలసరి రాలేదు. ప్రాక్టీస్‌కి అదే మంచిదనుకున్నాం, ప్యాడ్ల ఖర్చు తప్పిందని నవ్వుకున్నాం కూడా. డాక్టర్ గారు ఆ మాట విని పెన్ను కింద పెట్టేశారు. పరిగెత్తేదానికి తగ్గ తిండి లేకపోతే ఒళ్లు నెలసరిని ఆపేస్తుందట, దాంతో ఎముకని కాపాడే హార్మోన్ కూడా తగ్గిపోతుందట. అయిదున్నరకి ఖాళీ కడుపుతో గ్రౌండ్‌కి వస్తాం. తిరిగెళ్లేసరికి మెస్‌లో టిఫిన్ అయిపోతుంది. మధ్యాహ్నం దాకా మంచినీళ్లే. ఊళ్లో అయితే చోడి అంబలి తాగి గానీ కొండ ఎక్కేవాళ్లం కాదు.

మేము అడిగేది ఇది. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆమెకి పరుగూ గెంతులూ వద్దు. నొప్పి లేనంత వరకు నడక, జిమ్‌లో సైకిల్ చాలు. నడిచినా, నొక్కినా నొప్పి లేదన్నాకే, డాక్టర్ గారు సరే అన్నాకే, ఒక నిమిషం పరుగు ఒక నిమిషం నడక అంటూ మొదలుపెడదాం. మాత్ర వేసుకుని సెలెక్షన్ ఒక్కటీ పరిగెత్తమనొద్దు సార్. మాత్రతో నొప్పి తెలియదు గానీ పగులు పెరుగుతూనే ఉంటుంది. ఎముక పూర్తిగా విరిగితే పోయేది ఒక్క మీట్ కాదు. ఈ సర్టిఫికెట్ మీద ఆమె ఎంత ఆశ పెట్టుకుందో మీకు తెలుసు. వాళ్ల నాన్నకి ఇంకా చెప్పలేదు. టీమ్‌లోంచి పేరు మాత్రం కొట్టేయకండి. రోజూ వచ్చి స్టాప్‌వాచ్ పట్టుకుంటానంటోంది.

ఇట్లు,
మీ రూమ్ నలుగురు

సార్ లెటర్ చదివి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మిగతా ముగ్గురి సంగతేంటమ్మా?" అని అడిగారు. మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మాలో ఇంకొకరికి రెండు నెలలు. ఆ విషయం అప్పటిదాకా మాకూ చెప్పలేదు.

ఇప్పుడు అయిదింటికే మెస్‌లో ఒక్కొక్కరికీ ఉడికించిన గుడ్డు, అరటిపండు పెడుతున్నారు. ఎంఆర్ఐకి వచ్చే గురువారం రమ్మన్నారు.