ఖాళీ గిన్నెలో ఏడు గ్రాములు

మే నెల ఎండల్లో తిరుపతిలో ఆర్టీసీ బస్సెక్కి, చంద్రగిరి, పూతలపట్టు మీదుగా చిత్తూరులో అక్కావాళ్లింటికి చేరాను. ఒడిలో ఉన్న అట్టపెట్టెలో, పిల్లికి వేళకు తిండి తూచి వేసే యంత్రం ఉంది. అక్కా బావా పగలంతా ఉద్యోగాలకు వెళ్తారు. వాళ్ల పిల్లికి పూటకు 30 గ్రాముల పొడి తిండి పెట్టాలి.

గిన్నె కింద ఒక కిలో మోయగల లోడ్‌సెల్ ఉంది. అదొక అల్యూమినియం కడ్డీ. బరువు పడితే కంటికి కనిపించనంత వంగుతుంది. దానికి దాదాపు 5 వోల్టులిస్తే, కిలో బరువుకు వచ్చే సంకేతం సుమారు 5 మిల్లీవోల్టులే. అంటే గ్రాముకు 5 మైక్రోవోల్టులు. దాన్ని HX711 అనే చిప్ 128 రెట్లు పెంచి అంకెగా మారుస్తుంది. ఇంత సన్నటి సంకేతాన్ని వేడి కూడా కదిలించగలదు.

అక్కావాళ్ల వసారా పైన రేకులు. పొద్దున అక్కడే పెట్టి సున్నా సరిచేశాను. మధ్యాహ్నం రెండింటికి అక్క పిలిచింది. "ఏమబ్బా, గిన్నె ఖాళీగా ఉంటే ఏడు గ్రాములంటుందే?"

గిన్నెలో ఏడు గ్రాములు ఉన్నాయనుకుంటే యంత్రం 23 గ్రాములే వేస్తుంది. పిల్లికి దాదాపు పావు వంతు తిండి తగ్గిపోతుంది.

తప్పు ఎక్కడుందో తేల్చడానికి పదిరూపాయల నాణేలు పది తీసుకున్నాను. ఒక్కోటి 7.71 గ్రాములు, మొత్తం 77. పొద్దున అవి పెట్టినప్పుడు 77 చూపింది. ఇప్పుడు 84 చూపింది, తీసేస్తే మళ్లీ 7. రెండు పూటలా తేడా 77 గ్రాములే. అంటే కొలత చెడలేదు, సున్నా మాత్రమే జరిగింది. ఆ తేడా కూడా మారి ఉంటే, కడ్డీ ఎక్కడైనా చట్రానికి రాసుకుంటోందా అని వెతకాల్సి వచ్చేది.

అందుకే ప్రోగ్రాం మార్చాను. తిండి వేసే ముందు `get_units(10)`తో పది కొలతల సగటు తీసుకుంటుంది. అక్కణ్నుంచి 30 గ్రాములు పెరిగేదాకానే మోటారు తిరుగుతుంది. అప్పుడు సున్నా ఎంత జరిగినా పడే తిండి మారదు.

"అయితే దానంతటదే ఎప్పటికప్పుడు సున్నా చేసుకోవచ్చు కదా?" అన్నాడు బావ. అలా చేస్తే పిల్లి మిగిల్చిన తిండి కూడా సున్నాలో కలిసిపోతుంది. వేడికి అంకె గంటల తరబడి మెల్లగా జరుగుతుంది, పిల్లి తింటే నిమిషాల్లో దిగుతుంది. అందుకే పిల్లి తినకముందు, తిన్నాక వచ్చే అంకెలను యంత్రం రాసిపెట్టుకుంటుంది. సున్నా బటన్‌ను గిన్నె కడిగి ఆరబెట్టి పెట్టాకే నొక్కమని అక్కకు చెప్పి, యంత్రాన్ని రేకుల కింద నుంచి నడవలోకి మార్చాను.

ఇలాంటిది మీరూ కట్టుకుంటే పొద్దున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి నాణేలతో తూచి చూసుకోండి. రెండు పూటలా తేడా నాణేల బరువుకు సమానమైతే మీ తూకాన్ని నమ్మవచ్చు.